గడువు రోజునే కట్టినా లేట్ ఫీజు: స్టేట్‌మెంట్‌లో ఏ తేదీ చూడాలి?

ప్రశ్న: సార్, మా అమ్మ ఆపరేషన్‌కు ఫిబ్రవరి 2న క్రెడిట్ కార్డు మీద 24 వేలు గీకాను. మిగతా ఖర్చులతో కలిపి బిల్లు రూ.38,460 వచ్చింది. గడువు మార్చి 12, గురువారం. ఆ రోజంతా హాస్పిటల్లోనే ఉన్నాను. రాత్రి 9.40కి ఫోన్‌లో పేమెంట్ యాప్ ద్వారా మొత్తం కట్టేశాను, సక్సెస్ అని కూడా వచ్చింది. తర్వాతి బిల్లులో లేట్ ఫీజు రూ.900, దాని మీద జీఎస్టీ రూ.162, వడ్డీ పేరుతో ఇంకో రూ.1,960 దాకా వేశారు. ఫోన్ చేస్తే 'మాకు 16న చేరింది' అని కసిరారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈసారి బిల్లు కట్టడం ఆపేసి, బ్యాంకు మీద పోలీసు కేసు పెడదామనుకుంటున్నాను. స్టేట్‌మెంట్ ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోను మీరే పూర్తిగా చదవలేదు. మీ పేమెంట్ ఉన్న వరసలో రెండు తేదీలు ఉన్నాయి. లావాదేవీ తేదీ కింద మార్చి 13, పోస్టింగ్ తేదీ కింద మార్చి 16. కస్టమర్ కేర్‌లో మాట్లాడిన వ్యక్తి రెండో తేదీ చెప్తే మీరు దాన్నే పట్టుకుని బాధపడ్డారు. మీ లేట్ ఫీజు వివాదం మొత్తం ఆ మొదటి తేదీ మీద తేలిపోతుంది. హాస్పిటల్, మీ పరిస్థితి, వాళ్లు మాట్లాడిన తీరు ఫిర్యాదులో రాయాల్సిన పని లేదు.

ముందు నియమం చెబుతాను. క్రెడిట్ కార్డుల జారీ, నిర్వహణపై రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్ 21న ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం కార్డు ఖాతా గడువు దాటి మూడు రోజులకు మించి బకాయిలో ఉంటేనే లేట్ ఫీజు వేయాలి, అప్పుడే మన అప్పులు, చెల్లింపుల చరిత్ర రాసి ఉంచే క్రెడిట్ బ్యూరోకు బకాయి ఉందని తెలపాలి. రోజుల లెక్క స్టేట్‌మెంట్‌లో రాసిన గడువు తేదీ నుంచి మొదలవుతుంది. మీ గడువు 12. అంటే 13 మొదటి రోజు, 14 రెండు, 15 మూడు. 15 రాత్రి దాటినా డబ్బు అందకపోతేనే, అంటే 16 వచ్చాకే, లేట్ ఫీజుకు వీలు కలుగుతుంది. బ్యాంకు కంప్యూటర్ మీ పేమెంట్‌ను 16న ఖాతాలో ఎక్కించింది, నాలుగు రోజులని లెక్కేసింది, ఫీజు వేసింది. 14 రెండో శనివారం, 15 ఆదివారం కావడం వల్ల ఎక్కించడం సోమవారానికి జరిగి ఉంటుంది.

డబ్బు అందడం వేరు, అందిన డబ్బును ఖాతాలో రాసుకోవడం వేరు. లావాదేవీ తేదీ అని బ్యాంకే 13 అచ్చు వేసిందంటే, 13కల్లా మీ చెల్లింపు తమ లెక్కలోకి వచ్చిందని అదే ఒప్పుకున్నట్టు. తన దగ్గర ఎంట్రీ వేయడానికి మూడు రోజులు పడితే ఆ ఆలస్యాన్ని మీ నెత్తిన రుద్దడం కుదరదు. కాబట్టి లేట్ ఫీజు గురించి మీరు '12నే కట్టాను' అని పోట్లాడనక్కర్లేదు. బ్యాంకు రాసిన 13నే ఒప్పుకోండి. ఒక్క రోజు ఆలస్యం అనుకున్నా ఫీజు నిలవదు. అవతలివాళ్లు రాసిచ్చిన కాగితం మీదే గెలిచే వీలున్నప్పుడు, మన వైపు సాక్ష్యం అవసరమయ్యే వాదనను ముందు పెట్టడం తెలివి తక్కువ పని. రూ.900 పోతే దానిమీద వేసిన 18 శాతం జీఎస్టీ రూ.162 కూడా పోవాలి. ఫీజు వెనక్కి వేసి పన్ను ఉంచేసుకున్న స్టేట్‌మెంట్లు నా దగ్గరకు వచ్చాయి, అందుకే రెండూ విడివిడిగా అడగండి.

ఇక వడ్డీ. మీకు అసలు దెబ్బ తగిలింది ఇక్కడ, మీరు అడగనిదీ ఇదే. మూడు రోజుల వెసులుబాటు లేట్ ఫీజుకు, బ్యూరోకు తెలపడానికి మాత్రమే. వడ్డీకి అది వర్తించదు. గడువులోగా మొత్తం బిల్లు అందకపోతే వడ్డీ లేని కాలం రద్దవుతుంది. అప్పుడు వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, మీరు కార్డు గీకిన రోజు నుంచి పడుతుంది. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది, అంటే ఏడాదికి 42 శాతం. ఫిబ్రవరి 2 నుంచి మార్చి 16 వరకు 42 రోజులు. 24,000ను 0.42తో హెచ్చించి, 365తో భాగించి, 42 రోజులకు లెక్కిస్తే రూ.1,160 వస్తుంది. దానిమీద జీఎస్టీ రూ.209. హాస్పిటల్ బిల్లు ఒక్కదానికే ఇది. మిగతా చిన్న ఖర్చులవి కలిపితే మీరు చెప్పిన అంకె వస్తుంది. చూశారా, మీరు ఫీజు గురించి ఏడుస్తుంటే దానికి దాదాపు రెట్టింపు మొత్తం పక్కనుంచి పోతోంది.

ఈ వడ్డీలో ఒక చిన్న భాగం, ఒక పెద్ద భాగం ఉన్నాయి. 13 నుంచి 16 వరకు మూడు రోజులకు వేసినది చిన్న భాగం. రూ.38,460 మీద అది సుమారు రూ.133, పైన జీఎస్టీ. ఇది కూడా ఫీజులాగే బ్యాంకు రాసిన తేదీ మీదే పోతుంది, దీనికి వేరే వాదన అవసరం లేదు. పెద్ద భాగం మొత్తం పోవాలంటే మాత్రం 12 రాత్రి 9.40కి కట్టినది 12నే కట్టినట్టు అని నిలబెట్టాలి. ఇక్కడ మీకు అనుకూలమైనవీ ఉన్నాయి, ప్రతికూలమైనవీ ఉన్నాయి.

కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకు ముఖ్యమైన షరతుల పత్రం ఇస్తుంది. బ్యాంకుల్లో దాన్ని ఎంఐటీసీ అంటారు. బ్యాంకు వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. పాత కాపీ కాదు, మార్చిలో అమల్లో ఉన్న కాపీ దించుకోండి. అందులో 'చెల్లింపు విధానాలు' అన్న భాగం చదవండి. ఏ దారిలో కడితే ఎప్పటికి జమ అవుతుంది, ఏ గంట తర్వాత కట్టినది మర్నాటి లెక్కలోకి పోతుంది అనేవి అక్కడ రాసి ఉంటాయి. ఈ గంటనే కటాఫ్ అంటారు. కొన్ని పత్రాల్లో బ్యాంకు సొంత యాప్‌లో కడితే అప్పటికప్పుడు జమ అని, బయటి యాప్ నుంచైతే ఒకటి రెండు పనిదినాలని ఉంటుంది. మీరు కట్టిన దారికి కటాఫ్ సాయంత్రమని స్పష్టంగా రాసి ఉంటే, పెద్ద భాగం వడ్డీ విషయంలో మీ కేసు బలహీనం. ఆ మాట నేను ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

అలా రాసి లేకపోతే కథ వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఫలానా రోజు చేస్తానన్న పనిని ఆ రోజు మామూలు వ్యాపార వేళల్లో చేయాలి. రాత్రి 9.40 వ్యాపార వేళ కాదని బ్యాంకు అనవచ్చు. కానీ 24 గంటలూ చెల్లింపులు తీసుకునే దారిని తెరిచిపెట్టి, ఆ దారి వాడినందుకు వేళ మించిందనడం నిలిచే వాదన కాదని నా అభిప్రాయం. 50వ సెక్షన్ మీకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అప్పు ఇచ్చినవాడు ఏ విధంగా, ఏ సమయంలో కట్టమని చెబితే లేదా ఒప్పుకుంటే ఆ విధంగా కట్టవచ్చునని అది చెబుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. వంద రూపాయల నోటును పోస్టులో పంపమని అప్పిచ్చినవాడు కోరితే, సరైన చిరునామాతో ఆ ఉత్తరాన్ని పోస్టు చేసిన క్షణమే అప్పు తీరినట్టు. అది చేరేదాకా ఆగక్కర్లేదు.

కాబట్టి తేలాల్సింది ఇది: మీరు వాడిన దారిని బ్యాంకు తానే ఒప్పుకుందా? మీ స్టేట్‌మెంట్ వెనక పేజీలో చెల్లింపు మార్గాల కింద భారత్ కనెక్ట్ పేరు ఉందేమో చూడండి. ఇంతకుముందు బీబీపీఎస్ అనేవాళ్లు. ఉంటే, మీ యాప్ ఆ వ్యవస్థ ద్వారానే బిల్లు తెచ్చి కట్టించి ఉంటే, 12న డబ్బు మీ చేతి నుంచి బ్యాంకు చెప్పిన మార్గంలోకే వెళ్లింది. ఆ ఉదాహరణలోని ఉత్తరం పోస్టు డబ్బాలో పడినట్టే. అలా కాకుండా, ఏదో యాప్‌లో కార్డు నంబర్ కొట్టి, ఆ యాప్ తన ఖాతాలోకి డబ్బు తీసుకుని తర్వాత బ్యాంకుకు పంపి ఉంటే ఆ యాప్ మీ మనిషి, బ్యాంకు మనిషి కాదు. దాని ఆలస్యానికి బ్యాంకును తప్పుపట్టలేరు. అప్పుడు ఆ వడ్డీ నష్టానికి నిలదీయాల్సింది యాప్ కంపెనీని.

ఇది తేల్చే సాక్ష్యం సక్సెస్ అన్న స్క్రీన్‌షాట్ కాదు. ఆ పచ్చ టిక్కు మీ ఖాతాలోంచి డబ్బు కదిలిందని చెబుతుంది, ఎక్కడికి, ఎప్పుడు చేరిందో చెప్పదు. మీకు కావలసినవి మూడు. మొదటిది, డబ్బు పోయిన మీ సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్. అందులో 12 తేదీతో డెబిట్, ఎవరి పేరు మీద పోయింది, రిఫరెన్స్ నంబర్ ఉంటాయి. బ్రాంచికి వెళ్లి ముద్ర వేయించుకోండి. రెండోది, యాప్‌లోని రసీదు. లావాదేవీ చరిత్రలోకి వెళ్లి రసీదు పూర్తిగా దించుకోండి. భారత్ కనెక్ట్ ద్వారా వెళ్లి ఉంటే దాని గుర్తు, లావాదేవీ నంబర్, సమయం అందులో కనిపిస్తాయి. మూడోది, రెండు తేదీలున్న ఆ కార్డు స్టేట్‌మెంట్ పీడీఎఫ్. ఫొటో పనికిరాదు, బ్యాంకు మెయిల్‌లో పంపిన అసలు ఫైలే ఉంచుకోండి. పేమెంట్ అందినట్టు కార్డు బ్యాంకు నుంచి మీకు ఎస్సెమ్మెస్ వచ్చి ఉండాలి. ఫోన్ నిండిందని మెసేజ్‌లన్నీ తీసేశానని మీ ఉత్తరం చివర్లో రాశారు. డబ్బు లావాదేవీ మెసేజ్‌ను తర్వాతి స్టేట్‌మెంట్ వచ్చి సరిచూసుకునే దాకా తీసేయకూడదమ్మా. 12 రాత్రి గంటల్లోనో, 13 ఉదయమో వచ్చిన ఆ ఒక్క మెసేజ్ ఉంటే మీ పని సగం తేలికయ్యేది. అది పోయింది కాబట్టి, మీ ఖాతాకు వచ్చిన పేమెంట్ సమాచారం తమ వ్యవస్థకు ఏ తేదీ, ఏ సమయానికి చేరిందో రాతపూర్వకంగా చెప్పమని బ్యాంకునే అడగాలి.

ఇప్పుడు మీరు చేయబోతున్న తప్పు గురించి. ఈసారి బిల్లు ఆపేస్తానన్నారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఇప్పటిదాకా తప్పు బ్యాంకుది. బిల్లు ఆపిన నాలుగో రోజు నుంచి తప్పు మీది. అప్పుడు పడే లేట్ ఫీజు న్యాయమైన ఫీజు, బ్యూరోకు వెళ్లే సమాచారం నిజమైన సమాచారం, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ కూడా దాన్ని తీసేయమనడు. 'వివాదంలో ఉన్న రూ.3,022 ఒక్కటే ఆపుతాను' అన్నా నష్టమే. మొత్తం కట్టకపోతే వడ్డీ లేని కాలం మళ్లీ పోతుంది, కొత్త ఖర్చులన్నిటి మీదా వడ్డీ మొదలవుతుంది. మొత్తం కట్టండి, గడువుకు కనీసం నాలుగు పనిదినాల ముందు, బ్యాంకు సొంత యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో కట్టండి. అదే రోజు 'వివాదంలో ఉన్న మొత్తాన్ని అభ్యంతరంతో కడుతున్నాను, కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు' అని బ్యాంకుకు మెయిల్ పెట్టండి.

ఇంకో సలహా కూడా మీ చెవిన పడే ఉంటుంది: యాప్‌లో 'డబ్బు చేరలేదు' అని ఫిర్యాదు పెట్టి, పేమెంట్ వెనక్కి రప్పించుకుని మళ్లీ కట్టడం. చేరిన డబ్బును చేరలేదని చెప్పడం అబద్ధం. ఒకవేళ నిజంగా వెనక్కి వస్తే మార్చి బిల్లు అసలు కట్టనట్టే అవుతుంది. పోలీసు కేసు మాట మరిచిపోండి. ఇది లెక్కల వివాదం, స్టేషన్‌లో తేలేది కాదు.

ఫిర్యాదు ఫోన్‌లో చేసింది లెక్కలోకి రాదు. మెయిల్‌లో గానీ, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలో గానీ చేసి నంబర్ తీసుకోండి. కార్డు వివాదాలను ఇన్ని రోజుల్లో తెలపాలని చాలా బ్యాంకుల షరతుల్లో ఒక గడువు ఉంటుంది, అది దాటితే స్టేట్‌మెంట్ సరైనదిగా ఒప్పుకున్నట్టే అంటారు. అందుకే ఈ వారంలోనే పంపండి. ఇలా రాస్తే చాలు: 'నా కార్డు గడువు తేదీ మార్చి 12. మీ స్టేట్‌మెంట్‌లో నా పూర్తి చెల్లింపు రూ.38,460 లావాదేవీ తేదీ మార్చి 13గా ఉంది. రిజర్వ్ బ్యాంక్ క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి. కాబట్టి రూ.900 ఫీజు, రూ.162 జీఎస్టీ, మార్చి 13 తర్వాతి రోజులకు వేసిన వడ్డీ, దాని జీఎస్టీ వెనక్కి వేయండి. చెల్లింపు మార్చి 12 రాత్రి 9.40కి మీరు అనుమతించిన మార్గంలో జరిగింది కాబట్టి మిగతా వడ్డీ కూడా వెనక్కి వేయండి. అది కుదరదంటే ఏ షరతు ప్రకారం కుదరదో, చెల్లింపు సమాచారం మీకు ఏ తేదీ, ఏ సమయానికి చేరిందో పత్రాలతో తెలపండి.' కింద ఆ మూడు కాగితాలూ జత చేయండి. బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే ఆధారాలు ఇవ్వాలని ఆ ఆదేశాల్లోనే ఉంది.

బ్యాంకు చాలాసార్లు ఫోన్ చేసి, 'ఈ ఒక్కసారికి మంచి కస్టమర్ అని ఫీజు తీసేస్తున్నాం, ఫిర్యాదు మూసేయమంటారా' అని అడుగుతుంది. సరే అనకండి. అది ఫీజు వరకే ఉంటుంది, వడ్డీ అలాగే ఉండిపోతుంది. పైగా దయతో తీసేసినట్టు రికార్డు అవుతుంది. అడిగినవన్నీ వెనక్కి వచ్చినట్టు స్టేట్‌మెంట్‌లో చూశాకే ఫిర్యాదు ముగిసిందని ఒప్పుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు. లాయర్ ద్వారా పెడితే అక్కడ తీసుకోరు, మీరే పెట్టండి. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా నేరుగా వెళ్తే తిప్పి పంపిస్తారు. 2021 పథకంలో బ్యాంకు జవాబు వచ్చిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలని ఉండేది. పథకాన్ని సవరించినప్పుడు ఈ గడువు మారవచ్చు, కాబట్టి ఏడాది ఉందని కూర్చోకుండా జవాబు వచ్చిన నెలలోపే పెట్టేయండి.

చివరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న కరీంనగర్‌లోనే వేయవచ్చు, బ్యాంకు హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. ఇంత చిన్న మొత్తానికి కోర్టు ఫీజు కూడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు గడువు. మీ విషయంలో ఫీజు వేసిన స్టేట్‌మెంట్ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. బ్యాంకుకు రిమైండర్లు పంపుతూ పోయినంత మాత్రాన ఆ గడువు పెరగదు. కమిషన్‌లో కేసు ఉండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోడు, అందుకే వరస ముఖ్యం: ముందు బ్యాంకు, తర్వాత అంబుడ్స్‌మన్, ఆ తర్వాత కమిషన్.

ఒక పని మాత్రం బ్యాంకు జవాబు కోసం ఆగకుండా చేయండి. మీ క్రెడిట్ రిపోర్టు తీసుకోండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఈ కార్డు ఖాతా కింద మార్చి నెల గడిలో గడువు దాటిన రోజుల సంఖ్య ఏముందో చూడండి. అక్కడ బకాయి రోజులు కనిపిస్తే బ్యాంకుకూ, బ్యూరోకూ ఒకేసారి సవరణ కోరుతూ రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 అక్టోబర్‌లో ఆదేశించింది. ఆ 30 రోజులు మీరు ఫిర్యాదు నమోదు చేసిన తేదీ నుంచే మొదలవుతాయి, కాబట్టి ఆ ఫిర్యాదు నంబర్ కూడా మిగతా కాగితాలతో పాటు భద్రపరచండి.